పనితీరు మెరుగుదల ప్రణాళిక: హైక్, బోనస్, జీతం లెక్కలు

పనితీరు మెరుగుదల ప్రణాళిక అంటే, ఉద్యోగి పని ఆశించిన స్థాయిలో లేదని సంస్థ రాతపూర్వకంగా చెప్పి, నిర్ణీత గడువులోగా ఏమేం సరిదిద్దుకోవాలో రాసిచ్చే పత్రం. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో దీన్ని ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. ‘పిప్’ అంటారు, ‘అతన్ని పిప్‌లో పెట్టారు’ అంటారు. గడువు మామూలుగా 30, 60 లేదా 90 రోజులు ఉంటుంది. పత్రంలో లోపాలు, లక్ష్యాలు, వారానికో పక్షానికో జరిగే సమీక్షలు, చివర్లో ‘లక్ష్యాలు చేరుకోకపోతే ఉద్యోగం నుంచి తొలగించడం సహా చర్యలు ఉండవచ్చు’ అనే వాక్యం ఉంటాయి.

పత్రం చేతికందిన రోజున అందరూ ఆ చివరి వాక్యం దగ్గరే ఆగిపోతారు. ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్న భయంలో డబ్బు సంగతి అడగడం మరిచిపోతారు, లేదా ఇప్పుడు అడిగితే బాగుండదని ఊరుకుంటారు. హైక్ గురించి పిప్ పత్రంలో సాధారణంగా ఒక్క ముక్క కూడా ఉండదు. హైక్ నిబంధన ఒక పాలసీలో, వేరియబుల్ నిబంధన ఇంకో పాలసీలో, నోటీసు నిబంధన ఆఫర్ లెటర్‌లో ఉంటాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. పిప్ నేరుగా జీతాన్ని కోయదు. పిప్ గడువు సంస్థ క్యాలెండర్‌లో ఏ తేదీల మీద పడిందన్న దాన్నిబట్టి డబ్బు పోతుంది, లేదా నిలుస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా తెలుగు రాష్ట్రాల ప్రైవేటు ఉద్యోగాలను, అందులోనూ ఐటీ ఉద్యోగాలను ఉద్దేశించినది.

పద్ధతి ఎక్కడిది

ఏటా ఉద్యోగులకు రేటింగ్ ఇచ్చి, ఆ రేటింగ్‌కు జీతం పెంపును ముడిపెట్టే పద్ధతి అమెరికా కార్పొరేట్ సంస్థల నుంచి వచ్చింది. జాక్ వెల్చ్ నడిపిన కాలంలో జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగులను పై 20 శాతం, మధ్య 70 శాతం, అడుగు 10 శాతంగా విడదీసిన తీరు చాలా సంస్థలకు నమూనా అయింది. మన ఆఫీసుల్లో ‘బెల్ కర్వ్’ అని వినిపించేది ఆ వంశానిదే. మైక్రోసాఫ్ట్ 2013లో ఇలాంటి వరుస కట్టే పద్ధతిని వదిలేసింది. పేరు మారినా, బృందంలో కొందరు తప్పనిసరిగా కింది రేటింగ్‌లో పడాలన్న ఒత్తిడి చాలాచోట్ల ఇంకా ఉంది. ఆ కింది రేటింగ్ నుంచే పిప్‌లు పుడతాయి.

భారతదేశంలో ఏ చట్టమూ పిప్ పెట్టమని గానీ, పెట్టవద్దని గానీ చెప్పదు. అది సంస్థ సొంత ఏర్పాటు. రేపు తొలగింపు మీద వివాదం వస్తే ‘అవకాశం ఇచ్చాం, ఇదిగో రికార్డు’ అని చూపడానికి సంస్థకు పనికొస్తుంది. కాబట్టి అదే రికార్డు ఉద్యోగి వైపు నుంచి కూడా సరిగ్గా ఉండాలి.

జీతంలో ఏ భాగానికి ఏమవుతుంది

నెలనెలా వచ్చే స్థిర జీతం, అంటే బేసిక్, హెచ్ఆర్ఏ, స్పెషల్ అలవెన్స్, పిప్ కాలంలో యథాతథంగా రావాలి. లక్ష్యాలు చేరలేదని సంస్థ తనంతట తాను వీటిని తగ్గించలేదు. జీతంలోంచి ఏమేం మినహాయించుకోవచ్చో చట్టం జాబితాగా చెప్పింది. పని బాగాలేదన్నది ఆ జాబితాలో లేదు. పిప్‌లో ఉన్నప్పుడు తక్కువ జీతంతో కింది హోదాకు మారమని ప్రతిపాదన రావచ్చు. అది కొత్త ఒప్పందం అవుతుంది. ఉద్యోగి సంతకం చేస్తేనే చెల్లుతుంది, సంతకం చేసే ముందు ఆలోచించుకోవడానికి గడువు అడగవచ్చు.

హైక్ సంగతి వేరు. జీతం పెంచి తీరాలన్న బాధ్యత సంస్థకు సాధారణంగా ఉండదు. ఎక్కువ పాలసీల్లో ‘హైక్ అమలు తేదీన పిప్‌లో ఉన్నవారికి అర్హత లేదు’ అనో, ‘కింది రెండు రేటింగ్‌లకు హైక్ లేదు’ అనో రాసుకుంటారు. ఈ రెండు వాక్యాలూ ఒకటే అనిపిస్తాయి, కానీ కావు. మొదటిది తేదీని చూస్తుంది, రెండోది రేటింగ్‌ను చూస్తుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగిసి, పిప్ ఏప్రిల్‌లో విజయవంతంగా ముగిస్తే, మొదటి నిబంధన కింద హైక్ వాయిదా పడి తర్వాత రావచ్చు. రెండో నిబంధన కింద ఆ ఏడాదికి హైక్ అసలే లేదు, ఎందుకంటే రేటింగ్ గడిచిన ఏడాదిది. పిప్ గెలిచినా అది మారదు.

వాయిదా పడిన హైక్ తర్వాత ఎందుకు రాదో కూడా తెలుసుకోవాలి. హైక్‌ల కోసం ప్రతి బృందానికీ ఏడాదికోసారి ఒక మొత్తం కేటాయిస్తారు. మేనేజర్ దాన్ని సభ్యులకు పంచుతాడు. పిప్‌లో ఉన్న మనిషి వాటాగా ఏదైనా పక్కన పెట్టి ఉంచకపోతే ఆ సొమ్ము మిగతావారికి పోతుంది. అక్టోబర్‌లో ‘సార్, నా పిప్ అయిపోయింది కదా, నా హైక్?’ అని అడిగితే మేనేజర్ దగ్గర నిజంగానే బడ్జెట్ ఉండదు. అందుకే ఈ ప్రశ్న కేటాయింపు జరగకముందే, అంటే చాలా సంస్థల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేయాలి.

వేరియబుల్ పే అన్నది సీటీసీలో కనిపించే సొమ్మే అయినా, చేతికి రావడం మూడు అంకెల మీద ఆధారపడుతుంది: లక్ష్య మొత్తం, వ్యక్తి రేటింగ్‌కు కట్టిన శాతం, సంస్థ ఫలితాలకు కట్టిన శాతం. మూడింటినీ గుణిస్తే వచ్చేదే చెల్లింపు. దీనికి తోడు చెల్లింపు తేదీన ఉద్యోగి రోల్స్‌లో ఉండాలి, నోటీసులో ఉండకూడదు అన్న షరతు దాదాపు ప్రతి పాలసీలో కనిపిస్తుంది. ఏడాదంతా పనిచేసి, చెల్లింపుకు రెండు వారాల ముందు రాజీనామా చేసినవాళ్లు ఈ ఒక్క షరతుతో మొత్తం పోగొట్టుకుంటారు.

చట్టబద్ధమైన బోనస్‌ను వేరియబుల్‌తో కలపకూడదు. 1965 బోనస్ చెల్లింపు చట్టం కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలంది. ఆ చట్టంలో నెల జీతం 21,000 రూపాయల లోపు వారికే అది వర్తించేది. ఇప్పుడు ఆ నిబంధనలు వేతనాల కోడ్‌లో కలిశాయి. మోసం, హింసాత్మక ప్రవర్తన, దొంగతనం, విధ్వంసం వంటి కారణాలతో తొలగించినవారికే ఈ బోనస్ నిరాకరించవచ్చు. పని మందకొడిగా ఉందన్నది ఆ కారణాల్లో లేదు. కాల్ సెంటర్లలో, దుకాణాల్లో, ఆస్పత్రుల బిల్లింగ్ కౌంటర్లలో చిన్న జీతాలకు పనిచేసేవారిని పిప్ పేరు చెప్పి ఈ బోనస్ అడగనివ్వకుండా చేయడం అన్యాయం. వారు ధైర్యంగా అడగాలి.

ఒక లెక్క

హైదరాబాద్‌లో ఒక సీనియర్ ఇంజనీర్‌ను ఊహించుకుందాం. నెలకు స్థిర జీతం 1,30,000 రూపాయలు, అందులో బేసిక్ 65,000. ఏడాదికి వేరియబుల్ లక్ష్యం 2,40,000. చేరింది 2021 జూన్ 10న. నోటీసు రెండు వైపులా 60 రోజులు. 2026 ఫిబ్రవరి 16న 60 రోజుల పిప్ మొదలైంది, ఏప్రిల్ 16తో ముగుస్తుంది. సంస్థలో హైక్ ఏప్రిల్ 1 నుంచి అమలు, లెటర్లు మే నెలలో వస్తాయి, వేరియబుల్ జూన్ 30న పడుతుంది. బృందంలో సగటు హైక్ 8 శాతం. పాలసీ ప్రకారం ‘పాక్షికంగా చేరుకున్నారు’ అన్న రేటింగ్‌కు హైక్ లేదు, వేరియబుల్‌లో సగం వస్తుంది. సంస్థ ఫలితాల శాతం 90.

ఈయన పిప్ గట్టెక్కాడనుకుందాం. రేటింగ్ మాత్రం ‘పాక్షికం’ వచ్చింది, ఎందుకంటే ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి పిప్ నడుస్తూనే ఉంది. వేరియబుల్ 2,40,000లో సగం, అందులో 90 శాతం, అంటే 1,08,000 వస్తుంది. మామూలు రేటింగ్ అయితే 2,16,000 వచ్చేది. హైక్ 8 శాతం అంటే నెలకు 10,400. అది రాకపోతే మొదటి ఏడాది నష్టం 1,24,800. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అందరిలాగే 8 శాతం పెరిగినా ఆయన తక్కువ మొత్తం మీదే పెరుగుతాడు. మూడేళ్లు కలిపితే నష్టం దాదాపు 4,05,000 దాకా పోతుంది. అదే, పిప్ ముగిశాక అక్టోబర్ 1 నుంచి హైక్ ఇస్తామని ముందే రాయించుకుని ఉంటే పోయేది ఆరు నెలల తేడా, 62,400 మాత్రమే. గట్టెక్కిన మనిషి విషయంలో అన్నిటికంటే పెద్ద మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంది. బోనస్ ఒకసారి పోతుంది, హైక్ పోతే మిగతా ఏళ్లన్నీ దాని నీడ పడుతుంది.

ఇప్పుడు ఆయన గట్టెక్కలేదనుకుందాం. ఏప్రిల్ 16న తొలగింపు లెటర్ ఇచ్చారు. సంస్థ ముందు రెండు దారులుంటాయి. ఒకటి, 60 రోజుల నోటీసు కాలం రోల్స్‌లో ఉంచడం. అప్పుడు చివరి పనిదినం జూన్ 15. రెండోది, నోటీసుకు బదులు డబ్బు ఇచ్చి అదే రోజు పంపేయడం. బయటికి రెండూ ఒకటే, రెండు నెలల జీతం. కానీ ఈయనకు అయిదేళ్ల సర్వీసు జూన్ 9తో నిండుతుంది. మొదటి దారిలో గ్రాట్యుటీ వస్తుంది. సూత్రం ప్రకారం నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి: 65,000కి రోజుకు 2,500, పదిహేను రోజులకు 37,500, అయిదేళ్లకు 1,87,500. రెండో దారిలో సంస్థ ‘అయిదేళ్లు నిండలేదు’ అంటుంది.

అక్కడ కూడా దారి పూర్తిగా మూసుకుపోలేదు. గ్రాట్యుటీ నిబంధనల్లో ‘నిరంతర సర్వీసు’ను లెక్కించేటప్పుడు 240 రోజులు పనిచేస్తే ఏడాదిగా పరిగణించే వెసులుబాటు ఉంది. వారానికి ఆరు రోజుల కంటే తక్కువ పనిచేసే సంస్థల్లో ఆ సంఖ్య 190. దీని ఆధారంగా నాలుగేళ్లు నిండి అయిదో ఏట 240 రోజులు పనిచేసినా గ్రాట్యుటీ ఇవ్వాలని మద్రాస్ హైకోర్టు చెప్పింది. కొన్ని సంస్థలు ఇది పాటిస్తాయి, కొన్ని పాటించవు. మన ఉదాహరణలోని ఇంజనీర్ ఈ లెక్కలోకి వస్తాడు. అందుకే గ్రాట్యుటీ అడగకుండా సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

నోటీసుకు బదులు ఇచ్చే డబ్బు దేని మీద లెక్కగడతారన్నది మరో మెలిక. కొన్ని ఆఫర్ లెటర్లలో ‘గ్రాస్ జీతం’ అని ఉంటుంది, కొన్నిట్లో ‘బేసిక్’ అని ఉంటుంది. ఈయనకు మొదటిదైతే 2,60,000, రెండోదైతే 1,30,000. ఉద్యోగి తానుగా నోటీసు కొనుక్కున్నప్పుడు గ్రాస్ మీద వసూలు చేసి, సంస్థ ఇచ్చేటప్పుడు బేసిక్ మీద లెక్కగట్టిన సందర్భాలుంటాయి. ఒకే లెటర్‌లో రెండు కొలతలు కనిపిస్తే అప్పుడే ప్రశ్నించాలి.

‘రాజీనామా చేస్తే మంచిది కదా’

పిప్ ఇచ్చే సమావేశంలోనే, లేదా ఒకటి రెండు వారాల తర్వాత, హెచ్ఆర్ ఒక మాట అంటుంది: ‘మీరే రిజైన్ చేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది, రెండు మూడు నెలల జీతం కూడా ఇప్పిస్తాం.’ ఈ ప్రతిపాదన ఎప్పుడూ చెడ్డదని చెప్పలేం. లక్ష్యాలు చేరడం అసాధ్యమని ఉద్యోగికి తెలిసినప్పుడు, చేతిలో వేరే ఆఫర్ ఉన్నప్పుడు, మనసు విరిగిపోయినప్పుడు అదే సరైన దారి కావచ్చు. కానీ అంకెలు చూడకుండా ఒప్పుకోకూడదు.

మన ఇంజనీర్‌కు ఫిబ్రవరి 16న మూడు నెలల స్థిర జీతం ఇచ్చి వెంటనే పంపేస్తామన్నారనుకుందాం. అది 3,90,000. ఉండి ఓడిపోయినా ఆయనకు వచ్చేది ఇది: పిప్ రెండు నెలల జీతం 2,60,000, నోటీసు కాలం జీతం 2,60,000, నోటీసు రోల్స్‌లో గడిపితే గ్రాట్యుటీ 1,87,500. మొత్తం 7,07,500. గెలిస్తే ఉద్యోగం మిగులుతుంది, వేరియబుల్‌లో కొంత వస్తుంది. వెంటనే వెళ్లిపోతే దొరికేది సమయం. నాలుగు నెలలు పని చేయకుండా ఉద్యోగం వెతుక్కోవచ్చు, రోజూ సమీక్షల ఒత్తిడి ఉండదు. 3,17,500 రూపాయలకు ఆ సమయాన్ని కొంటున్నానని తెలిసి కొంటే తప్పులేదు. తెలియకుండా కొనడమే బాధాకరం.

రాజీనామాకూ తొలగింపుకూ మధ్య చట్టపరమైన తేడా కూడా ఉంది. ఉభయ తెలుగు రాష్ట్రాలకూ మూలమైన 1988 దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల ముందు రాతపూర్వక నోటీసు లేదా అందుకు బదులు వేతనం ఇవ్వకుండా తొలగించకూడదు. తొలగింపు మీద అప్పీలు చేసుకునే అవకాశమూ ఉంది. సంస్థ వ్యవహారాలపై అజమాయిషీ ఉన్న పైస్థాయి వారికి మాత్రం మినహాయింపు ఉంది. ‘వ్యక్తిగత కారణాలతో రాజీనామా చేస్తున్నాను’ అని సొంత చేత్తో మెయిల్ పంపాక ఈ రక్షణ అడగడం చాలా కష్టమవుతుంది. నిజానికి సంస్థ అడిగితేనే రాజీనామా చేస్తున్నప్పుడు, ఆ మెయిల్‌లో ‘ఫలానా తేదీన హెచ్ఆర్‌తో జరిగిన చర్చలో ప్రతిపాదించిన విధంగా’ అన్న మాటలు చేర్చడం ఉద్యోగి హక్కు. వాటిని తీసేయమని అడిగితే ఎందుకని అడగాలి.

డబ్బు చేతికందే తేదీ కూడా అడగాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం తొలగింపు అయినా, రాజీనామా అయినా, బాకీ ఉన్న వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజులు పడుతుంది’ అన్న పాత మాట వేతనం విషయంలో ఇక చెల్లదు.

ఏం అడగాలి, ఎలా అడగాలి

సమావేశంలో మాటలు పోతాయి, మెయిల్ ఉంటుంది. పిప్ లెటర్ అందిన రెండు మూడు రోజుల్లో మేనేజర్‌కూ హెచ్ఆర్‌కూ కలిపి ఒకే మెయిల్ పంపడం మంచిది. సంతకం అడిగితే ‘అందినట్టు మాత్రమే సంతకం చేస్తున్నాను, విషయాలతో ఏకీభవించినట్టు కాదు’ అని ఒక వాక్యం రాసి సంతకం చేయవచ్చు. మెయిల్‌లో ఫిర్యాదు, కన్నీళ్లు, పాత గొడవలు వద్దు. డబ్బు ప్రశ్నలు ఇలా రాయవచ్చు:

‘నా పిప్ ఏప్రిల్ 16తో ముగుస్తుంది. నాకు కొన్ని విషయాలు స్పష్టం చేయగలరు. ఈ ఆర్థిక సంవత్సరం రేటింగ్‌ను పిప్ ఫలితం వచ్చాక ఖరారు చేస్తారా, ముందేనా? పిప్ విజయవంతంగా ముగిస్తే నా హైక్ ఏ తేదీ నుంచి అమలవుతుంది, ఆ మొత్తం ఈ సైకిల్ బడ్జెట్‌లో పక్కన పెడతారా? వేరియబుల్‌కు నా అర్హత ఏ పాలసీలోని ఏ నిబంధన ప్రకారం నిర్ణయిస్తారు? ఆ పాలసీ కాపీ పంపగలరు. పిప్ పొడిగిస్తే ఈ తేదీలు మారతాయా?’

ఈ మెయిల్‌కు స్పష్టమైన జవాబు రావడం అరుదు. ‘పాలసీ ప్రకారం నిర్ణయిస్తాం’ అన్న ఒక్క వాక్యమే రావచ్చు. అయినా ప్రయోజనం ఉంది. పాలసీ పేరు, తేదీ రికార్డులోకి వస్తాయి. మధ్యలో పాలసీ మార్చి, కొత్త నిబంధనను వెనక్కి అమలు చేస్తే అది కనబడుతుంది. ఇంకొకటి, అడిగినవారి విషయంలో మేనేజర్ బడ్జెట్ పంచేటప్పుడు ఒకసారి ఆలోచిస్తాడు. అడగనివారి వాటా ముందుగా కరుగుతుంది.

లక్ష్యాల గురించీ అడగాలి, ఎందుకంటే డబ్బు చివరికి వాటిమీదే నిలుస్తుంది. ‘కోడ్ నాణ్యత మెరుగుపరచాలి, చొరవ చూపాలి’ అని రాసిన లక్ష్యాన్ని చేరారని గానీ, చేరలేదని గానీ ఎవరూ నిరూపించలేరు. చివరికి మేనేజర్ మనసులో మాటే తీర్పవుతుంది. ‘అప్పగించిన పది టికెట్లలో ఎనిమిది గడువులోగా పూర్తి కావాలి, రిలీజ్ తర్వాత బయటపడే పెద్ద లోపాలు రెండుకు మించకూడదు’ అంటే కొలవవచ్చు. టికెట్లు ఎవరు అప్పగిస్తారు, పక్క బృందం ఆలస్యం చేస్తే అది ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి కూడా మొదటి వారంలోనే తేలాలి. ప్రతి సమీక్ష తర్వాత అదే సాయంత్రం ‘ఈ రోజు మాట్లాడుకున్నవి ఇవి, మూడింటిలో రెండు లక్ష్యాలు సరైన దారిలో ఉన్నాయని మీరు చెప్పారు’ అని చిన్న మెయిల్ పెట్టాలి. ఆరు సమీక్షల్లో బాగుందన్న మేనేజర్ ఏడోసారి బాగాలేదంటే ఆ ఆరు మెయిల్స్ మాట్లాడతాయి.

పిప్ నిజంగా మెరుగుదలకు పెట్టిందా, పంపేయడానికి పెట్టిందా అన్నది కొన్ని గుర్తులు చెబుతాయి. సమీక్షలు పదేపదే వాయిదా పడడం, లక్ష్యాలు మధ్యలో మారడం, పని వేరేవాళ్లకు బదిలీ కావడం, అడిగిన శిక్షణ రాకపోవడం అలాంటివి. అవి కనబడినప్పుడు ఉద్యోగి దృష్టి హైక్ నుంచి నోటీసు, గ్రాట్యుటీ, సెలవుల డబ్బు వైపు మళ్లాలి. వేరే ఉద్యోగం వెతకడం కూడా మొదలుపెట్టాలి. ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చే రోజు దాకా ఆగితే జీతం స్లిప్పులు, రేటింగ్ లెటర్లు, పాలసీ పేజీలు చూసే అవకాశం పోతుంది. సొంత జీతానికి సంబంధించిన ఈ పత్రాలను సంస్థ నిబంధనలు అనుమతించిన మేరకు ముందే దాచుకోవాలి. కస్టమర్ సమాచారం, కోడ్ మాత్రం తాకకూడదు. అది తొలగింపుకు కొత్త కారణం అవుతుంది.

చేరినప్పుడు తీసుకున్న జాయినింగ్ బోనస్‌ను ఏడాదిలోపు రాజీనామా చేస్తే వెనక్కి తీసుకుంటామని లెటర్‌లో ఉంటుంది. తొలగిస్తే ఏమిటో కొన్ని లెటర్లు చెప్పవు. పిప్‌లో ఉన్న కొత్త ఉద్యోగి రాజీనామాకు ఒప్పుకునే ముందు ఈ రికవరీ రద్దు చేస్తున్నట్టు రాయించుకోవాలి. షేర్ల రూపంలో జీతం ఉన్నవారు తదుపరి వెస్టింగ్ తేదీ చూసుకోవాలి. ఇప్పటికే ఇచ్చిన గ్రాంట్లు పిప్ కాలంలో సాధారణంగా వెస్ట్ అవుతూనే ఉంటాయి. చివరి పనిదినం తర్వాత మిగిలినవి పోతాయి.

అమెరికాలో ఉన్నవారికి

హెచ్-1బి వీసా మీద ఉన్న తెలుగువారికి పిప్ అంటే జీతం కంటే ముందు వీసా గుర్తొస్తుంది. అది సహజం. జీతం విషయంలో ఒక రక్షణ ఉంది: వీసా దరఖాస్తులో చూపిన వేతనం కంటే తక్కువకు సంస్థ దిగలేదు, ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా ఆ వేతనం ఇవ్వాలి. ఉద్యోగం ముగిశాక దేశంలో ఉండి వేరే సంస్థకు మారడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 అంతకంటే ముందే ముగిస్తే అంతవరకే. ఆ గడువు సాధారణంగా జీతం చెల్లించిన చివరి రోజు తర్వాత మొదలవుతుంది. అందువల్ల ఇక్కడ కూడా అదే ప్రశ్న తిరిగి వస్తుంది: ఇవ్వబోయే రెండు నెలల డబ్బు రోల్స్‌లో ఉంచి నెలనెలా ఇచ్చే జీతమా, లేక ఈ రోజు సంబంధం తెంచి ఒకేసారి ఇచ్చే మొత్తమా? రెండోదైతే 60 రోజుల గడియారం రేపే మొదలవుతుంది. సంస్థే తొలగిస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణం సహేతుక ఖర్చు అది భరించాలి. రాజీనామా చేస్తే ఆ బాధ్యత దానికి ఉండదు.

గట్టెక్కిన తర్వాత

పిప్ ముగిసిందని మేనేజర్ నోటితో చెబితే చాలదు. ముగింపు లెటర్ కావాలి, అందులో ముగిసిన తేదీ ఉండాలి. ఆ తేదీ నుంచే హైక్ అర్హత, అంతర్గత ఉద్యోగాలకు దరఖాస్తు చేసే అర్హత, ప్రమోషన్ అర్హత లెక్కిస్తారు. కొన్ని లెటర్లలో ‘వచ్చే ఆరు లేదా 12 నెలల్లో పనితీరు మళ్లీ తగ్గితే కొత్త ప్రణాళిక లేకుండానే చర్య తీసుకోవచ్చు’ అన్న వాక్యం ఉంటుంది. ఆ కాలం ఎప్పుడు పూర్తవుతుందో, దానిలోపు వచ్చే ఏప్రిల్ హైక్‌కు అది అడ్డమా కాదా అని అప్పుడే అడిగి జవాబు రాయించుకోవాలి. మన ఇంజనీర్ ఏప్రిల్ 16న ముగించాడు కాబట్టి 12 నెలలు 2027 ఏప్రిల్ 15 దాకా నడుస్తాయి. 2027 ఏప్రిల్ 1 హైక్ మళ్లీ ఆ కాలంలోనే పడుతోంది.